రెండు ఈఆర్పీ కొటేషన్లు: ఐదేళ్లకు ఏది చవక?

కొనుగోలు విభాగం: మాకు 60 మంది యూజర్లు. కొనుగోళ్లు, స్టాక్, అకౌంట్స్ అన్నీ ఒకేచోట నడిపే ఈఆర్పీ సాఫ్ట్‌వేర్‌కు రెండు కొటేషన్లు వచ్చాయి. మొదటిదాంట్లో లైసెన్సు ఒకేసారి కొనాలి, సర్వర్ మాదే. ఆ లైసెన్సు ధర 100 అనుకుంటే ఏటా సపోర్టుకు 22. రెండోది క్లౌడ్, ఏడాదికి 40 చందా. ఐదేళ్లకు మొదటిది 210, రెండోది 200 అవుతున్నాయి. క్లౌడే చవకని పైవాళ్లకు రాసేయొచ్చా?

సర్వర్ అడ్మిన్: ధైర్యంగా రాసేయండి. ఆ 210లో సర్వర్లు, బ్యాకప్, డేటాబేస్ లైసెన్సు, వాటిని చూసుకునే మనిషి జీతం ఏవీ లేవు. పైగా క్లౌడ్‌లో అప్‌గ్రేడ్ ఖర్చే ఉండదు.

ఈఆర్పీ కన్సల్టెంట్: సర్వర్ సంగతి నిజమేనండీ. అప్‌గ్రేడ్ మాట మాత్రం సగమే నిజం. క్లౌడ్‌లో అప్‌డేట్ వేసేది వాళ్లే అయినా, మన పని ఆగకుండా నడుస్తోందో లేదో పరీక్షించుకోవాల్సింది మనమే. బిజినెస్ సెంట్రల్, నెట్‌సూట్ లాంటి క్లౌడ్ ఈఆర్పీల్లో ఏడాదికి రెండు పెద్ద విడుదలలు వస్తాయి, పూర్తిగా మానుకోవడం కుదరదు. ఒక్కో విడుదలకు 10 మంది 4 రోజులు కూర్చున్నా 40 పనిదినాలు, ఐదేళ్లకు 400. ఆ జీతాలు మీవే కాబట్టి ఏ కొటేషన్‌లోనూ ఈ లైను కనపడదు.

కస్టమైజేషన్ పెరిగేకొద్దీ ఈ అంకె కూడా పెరుగుతుంది. ఉదాహరణకు ఇన్‌వాయిస్‌లో మీకోసం ఒక ఫీల్డు చేర్పించుకున్నారనుకోండి. విడుదల తర్వాత ఏ ఎర్రరూ రాకుండానే అది ఖాళీగా ప్రింటవ్వొచ్చు. కస్టమర్ ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియదు. అందుకే ప్రతి మార్పునూ రాసిపెట్టుకుని, ఒక్కోదానికి ఒక టెస్ట్ కేసు ఉంచుకోవాలి.

ఇక చందా 40 దగ్గరే ఆగదు. ఏటా 5 శాతం పెరిగితే ఐదేళ్లకు 221. అంతకన్నా పెద్ద దెబ్బ రెన్యువల్‌లో ఉంటుంది. ఆ 40 అన్నది 30 శాతం డిస్కౌంటు తీసేశాక వచ్చిన ధర అయి, అది మూడేళ్లకే పరిమితమైతే, నాలుగో ఏడు చందా 57కి వెళ్తుంది. రెన్యువల్‌లో ఎంతకు మించి పెంచకూడదో సంతకానికి ముందే ఒప్పందంలో రాయించుకోండి, తర్వాత అడిగినా ఎవరూ వినరు. మొదటి వెండర్‌నూ వదలొద్దు: సపోర్టు 22 శాతం లిస్టు ధర మీదా, మీరు కట్టిన ధర మీదా?

గోదాం ఇన్‌ఛార్జి: ఈ లెక్కలో ట్రైనింగ్ ఖర్చు కూడా కలపాలంటారా? మాకు వెండర్ ఐదు రోజులు ఉచితంగానే చెప్పాడు, సరిపోయింది. స్కానర్ పట్టుకునేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

అకౌంట్స్ ట్రైనర్: గోదాంకు సరిపోతుందేమో సార్, అకౌంట్స్‌కు చాలదు. మొదటి నెలాఖరు ముగింపు చేసేటప్పుడే అసలు సందేహాలు పుడతాయి, అప్పటికి వెండర్ మనిషి వెళ్లిపోయి ఉంటాడు. అందుకని ఐదు రోజులూ ఒకేసారి వాడేయకుండా రెండు రోజులు మొదటి ముగింపుకు అట్టిపెట్టమనండి. పైగా ఏటా 60లో 9 మంది మారితే, తలకు 3 రోజుల చొప్పున ఏడాదికి 27 రోజులు, ఐదేళ్లకు 135. నేర్పేవాళ్ల రోజులు వేరే. ఇది లేకపోతే కొత్తవాళ్లు ఎక్సెల్‌లో పక్క లెక్క మొదలుపెడతారు. స్టాక్ రిపోర్టుకీ ఆ షీటుకీ పొంతన కుదరడం లేదంటే ట్రైనింగ్ చాలలేదని అర్థం.

కొనుగోలు విభాగం: ఇవేవీ మా లెక్కలో లేవు. ఇంకో సందేహం. కస్టమర్లు మా పోర్టల్లో ఆర్డరు పెడితే అది ఏపీఐ ద్వారా ఈఆర్పీలోకి వెళ్తుంది. వాళ్లు యూజర్ల కింద లెక్కకొస్తారా?

సర్వర్ అడ్మిన్: రారు. పోర్టల్ ఈఆర్పీలోకి వెళ్లేది ఒక్క లాగిన్‌తోనేగా.

ఈఆర్పీ కన్సల్టెంట్: అలా అనుకోవడం ప్రమాదమండీ. 2017లో ఈఆర్పీ అమ్మే ఎస్ఏపీకీ, దాన్ని వాడే మద్యం కంపెనీ డియాజియోకీ మధ్య నడిచిన కేసులో సేల్స్‌ఫోర్స్ మీద కట్టిన పోర్టల్ ద్వారా వచ్చిన వాడకానికీ లైసెన్సు ఉండాల్సిందేనని లండన్ హైకోర్టు తేల్చింది. ఎస్ఏపీ 5 కోట్ల పౌండ్లకు పైగా అడిగింది. మరుసటి ఏడాదే మనుషుల్ని కాక, అలా తయారయ్యే డాక్యుమెంట్లను లెక్కగట్టే పద్ధతి తెచ్చింది. మీ వెండర్లిద్దరినీ ఈ పోర్టల్ బొమ్మ గీసి చూపించి, నెలకు ఎన్ని ఆర్డర్లో చెప్పి, రాతపూర్వకంగా ధర అడగండి. నోటిమాట ఆడిట్‌లో నిలబడదు.

అకౌంట్స్ ట్రైనర్: అసలు ఐదేళ్లకే ఎందుకు లెక్కేస్తున్నారు? ఎనిమిదేళ్లు చూడండి. చందా 5 శాతం చొప్పున పెరిగితే 382. లైసెన్సు దారిలో సపోర్టూ అంతే పెరిగినా 310.

సర్వర్ అడ్మిన్: ఎనిమిదేళ్లంటే మధ్యలో సర్వర్లు ఒకసారి మార్చాలి, ఒక పెద్ద అప్‌గ్రేడ్ ప్రాజెక్టూ పడుతుంది. ఆ తేడా 72 అందులోనే పోతుంది.

ఈఆర్పీ కన్సల్టెంట్: పోతుందో లేదో మీ కస్టమైజేషన్ల సంఖ్య చూడకుండా ఎవరూ చెప్పలేరు. ఎన్నున్నాయండీ?

కొనుగోలు విభాగం: రెండు కొటేషన్లలోనూ "అవసరాన్ని బట్టి" అని మాత్రమే ఉంది. విభాగాలవారీగా జాబితా తీయించి, రెండింటికీ విడివిడిగా ధర అడిగి ఇక్కడ పెడతాను.