పోస్ట్‌గ్రెస్ కనెక్షన్లపై నా వ్యాసం ప్రకటనలా ఉందంటున్నారు, ఏం మార్చాలి?

ప్రశ్న అడిగినవారు: మా సంస్థ డేటాబేస్ కనెక్షన్లను నిర్వహించే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. ఇంజనీర్ల కోసం రాసిన వ్యాసాన్ని “నేటి వ్యాపారాలకు వేగమే ప్రాణం” అని మొదలుపెట్టి, మా సాఫ్ట్‌వేర్ వాడిన ఒక వినియోగదారునికి స్పందన సమయం సగానికి తగ్గిందని ముగించాను. చదివినవారు కరపత్రంలా ఉందన్నారు.

మార్కెటింగ్ ఉద్యోగిని: ఉత్పత్తి పేరు పూర్తిగా తీసేయండి. పేరే లేకపోతే ప్రచారమని ఎవరూ అనరు.

డేటాబేస్ నిర్వాహకుడు: పేరు తగ్గించడం మంచిదే గానీ, పూర్తిగా తీసేస్తే మీరు అమ్మకందారులన్న సంగతి దాచినట్లవుతుంది, కాబట్టి మొదట్లోనే ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయండి. అసలు లోపం మరొకటి: సగానికి ఎందుకు తగ్గిందో మీరు రాయలేదు.

పోస్ట్‌గ్రెస్ ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రత్యేక ప్రాసెస్‌ను నడుపుతుంది. 20 అప్లికేషన్ సర్వర్లలో ఒక్కొక్కటీ 30 కనెక్షన్లు తెరిచిందనుకుంటే మొత్తం 600 అవుతాయి. `max_connections` సహజంగా 100 దగ్గరే ఉంటుంది కనుక `sorry, too many clients already` అన్న లోపం కనిపిస్తుంది. చాలామంది ఆ పరిమితిని పెంచేసి ఊరుకుంటారు. అయితే 16 కోర్ల యంత్రం మీద వందల క్వెరీలు ఒకేసారి నడవాలని చూస్తే, అవి కోర్ల కోసమూ లాక్‌ల కోసమూ పోటీపడి ఒక్కొక్కటీ నెమ్మదిస్తుంది. మీ వినియోగదారుని విషయంలో ఈ పోటీ తగ్గడం వల్లే వేగం పెరిగిందా? కనెక్షన్ల స్థితిని చూపే `pg_stat_activity`లో `active`గా ఉన్నవెన్నో, `idle`గా ఉన్నవెన్నో, మార్పుకు ముందూ తర్వాతా చూపండి. అధిక భాగం `idle` అయితే కారణం వేరు. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ కూడా రాయండి, ఎందుకంటే 2021లో వచ్చిన 14వ వెర్షన్ ఎక్కువ కనెక్షన్లను అంతకుముందుకన్నా బాగా భరిస్తుంది.

కొత్త సభ్యుడు: మా జావా సర్వీసులో కనెక్షన్లను తెరిచి ఉంచి మళ్లీ మళ్లీ వాడుకునే హికారీ పూల్ పరిమాణం 10 ఉంది. పెంచమంటారా?

డేటాబేస్ నిర్వాహకుడు: అది వేరే ప్రశ్న; కనెక్షన్ కోసం థ్రెడ్లు ఎంతసేపు వేచి ఉంటున్నాయో, ఆ సమయంలో డేటాబేస్ కోర్లు ఖాళీగా ఉన్నాయో లేదో చూడకుండా చెప్పలేను. కానీ వ్యాసకర్త గారూ, మీ పాఠకుడు సరిగ్గా ఈ సందేహంతోనే వస్తాడు.

ఇంకొకటి, మీ పద్ధతి ఎక్కడ పనిచేయదో రాయండి. ట్రాన్సాక్షన్ ముగియగానే కనెక్షన్‌ను మరొకరికి ఇచ్చే విధానంలో డేటాబేస్ పంపే సందేశాల కోసం కాచుకునే `LISTEN` నమ్మకంగా పనిచేయదు. ఒక అభ్యర్థన పెట్టిన `SET search_path` మరొకరి క్వెరీకి తగిలి, ఉన్న పట్టికే లేదన్న లోపం అప్పుడప్పుడు మాత్రమే వస్తుంది. అనుభవమున్న ఇంజనీరు ముందు వెతికేది ఈ పేరానే.

ప్రశ్న అడిగినవారు: వినియోగదారుని కొలతలు బయటపెట్టడానికి అనుమతి లేదు.

డేటాబేస్ నిర్వాహకుడు: అయితే పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే వేగ పరీక్ష సాధనం `pgbench`తో మీ యంత్రం మీదే ఆ స్థితిని సృష్టించి, ఆదేశాలతో సహా ఇవ్వండి; ఎవరైనా నడిపి చూసుకోగలుగుతారు.

మార్కెటింగ్ ఉద్యోగిని: పరిమితుల పేరాను మా యాజమాన్యమైతే ప్రచురణకు ముందే కొట్టేస్తుంది. వినియోగదారుని కథ లేని వ్యాసాన్ని అసలు ఒప్పుకోదు.

ప్రశ్న అడిగినవారు: మా దగ్గరా అదే భయం. కొలతలు పూర్తిచేసి, ఆ పేరాతో సహా పంపి చూస్తాను.