శ్రీసిటీ ఇంటర్వ్యూకి బ్లేజర్ వేసుకోవాలా, వద్దా?

తిరుపతి పిల్లోడు: వచ్చే బుధవారం శ్రీసిటీలో ఒక కంపెనీ ఇంటర్వ్యూ ఉంది. తిరుపతి నుంచి బస్సులో పోవాలి. నాకు చెమట ఎక్కువ. చంకల్లో మరక కనపడకుండా ఏం వేసుకోవాలి? బ్లేజర్ తప్పదా అన్నా?

ఎండమావి: ప్యూర్ కాటన్ చొక్కా వేసుకో తమ్ముడూ, చాలు. చెమటంతా పీల్చేస్తుంది, మరకే ఉండదు. ఈ ఎండలకి బ్లేజర్ అంటే పిచ్చి పని.

గాంధీరోడ్డు కుట్టుమిషన్: పీల్చుకుంటుంది కాబట్టే మరక పడుతుంది సామీ! ఉక్కపోతలో ఆ తడి తొందరగా ఆరదు కూడా. గుడ్డ కన్నా ముందు రంగు చూడాలి. లేత నీలం, బూడిద రంగు తడిస్తే నల్లగా తేలిపోతాయి. తెలుపులోనూ, ముదురు నేవీలోనూ అంతగా తెలీదు. అనుమానముంటే ప్యాంటులోకి దోపుకునే అంచు మీద తడివేలు పెట్టి, అద్దంలో నాలుగడుగుల దూరం నుంచి చూడు. మచ్చ కనపడితే ఆ చొక్కా పక్కన పెట్టేయ్. లోపల చేతుల్లేని బనియన్ వేస్తే లాభం లేదు, అది చంకను కప్పదు. పొట్టి చేతులది, ఒంటి రంగుకి దగ్గరగా ఉండేది తీసుకో. తెల్ల బనియన్ అయితే తెల్లచొక్కాలోంచి గీతలా కనపడుతుంది.

బ్లేజర్ కొంటే లోపలివైపు తిప్పి చూడు. వీపంతా పాలిస్టర్ లైనింగ్ ఉంటే, పైగుడ్డ ఎంత పలచనైనా ఉడికిపోతావు. లైనింగ్ భుజాలకీ చేతులకీ మాత్రమే ఉండేది చాలు.

చిత్తూరు టీచరమ్మ: అందరూ చొక్కాల గోలేనా? నేను స్కూలు ఇంటర్వ్యూకి ఆర్ట్ సిల్క్ జాకెట్టు వేసుకుపోయాను. బోర్డు మీద రాయమంటే చెయ్యెత్తలేకపోయాను. బయల్దేరే ముందు సెంటు కొట్టుకున్నా, అది వాసనకే గానీ చెమటకి కాదని అప్పుడు తెలిసింది. చెమటనే తగ్గించేది యాంటీపర్స్పిరెంట్. దాన్ని రాత్రి పడుకునే ముందు, బాగా ఆరిన చంకకి రాయాలి. పొద్దున హడావుడిగా తడి ఒంటి మీద రాస్తే పెద్దగా పని చేయదు.

లైన్ ఇంజనీర్: ఫ్యాక్టరీ ఫ్లోర్ ఉద్యోగానికి బ్లేజర్ ఎవరూ అడగరు. ఫుల్ హ్యాండ్ చొక్కా, ఇస్త్రీ ప్యాంటు చాలు.

గాంధీరోడ్డు కుట్టుమిషన్: అకౌంట్స్, హెచ్ఆర్ పోస్టులకి కూడా అదే మాట అంటారా? చేతి మీద వేసుకుపోతే తప్పేముంది?

లైన్ ఇంజనీర్: పోయినాక వేసుకోవడమే తప్పు. బస్సు దిగిన వేడి మీద బ్లేజర్ తొడిగితే మరక దాగుతుంది, మొహం మాత్రం కారుతుంది. బస్సులో పాత టీషర్టుతో పో. దిగి, మొహం కడుక్కుని, ఇరవై నిమిషాలు ఫ్యాను కింద కూచుని అప్పుడు చొక్కా మార్చుకో.

ఎండమావి: ఆ గేటు దగ్గర ఫ్యాను ఎక్కడుందో కూడా చెప్పు సామీ.

తిరుపతి పిల్లోడు: తడివేలు పెట్టి చూశా. లేత నీలం చొక్కా దొరికిపోయింది. తెల్లది ఒకటుంది, కానీ కాలర్ మడత దగ్గర అరిగిపోయింది.

గాంధీరోడ్డు కుట్టుమిషన్: పారేయొద్దు. కాలర్ విప్పి తిప్పి కుట్టేస్తే అరిగిన వైపు లోపలికి పోతుంది. సోమవారం లోపల ఎవరి దగ్గరైనా ఇచ్చేయ్.