ఢిల్లీలో దాక్కోగలిగితే కెనడాలో శరణు అడగకూడదా?

సత్య_మిస్సిసాగా:
నాకు చెల్లెలి వరసైన అమ్మాయి, ఆమె భర్త ఇక్కడ శరణు కోరారు. వాళ్లది కులాంతర వివాహం. అమ్మాయిది ఊళ్లో భూములున్న కుటుంబం, అబ్బాయి దళితుడు. పెళ్లయ్యాక హైదరాబాదులో, తర్వాత పుణెలో ఉన్నారు. ఆమె అన్న పుణె గది దాకా వచ్చాడు. ఇప్పుడు శరణు కేసులు తేల్చే ఇక్కడి బోర్డు విచారణకు ముందే ఢిల్లీ, కోల్‌కతా పేర్లు రాసి, అక్కడ ఎందుకు బతకలేరో చెప్పమంటోంది. సొంత దేశంలో మరో ఊరు ఉన్నంత మాత్రాన శరణార్థి కాకుండా పోతారా?

శ్రీధర్_పాతబస్తీ:
ఊరి సంగతి తర్వాత, ముందు నిర్వచనం చూడాలి సత్య గారూ. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందం కష్టాల్లో ఉన్న ప్రతి మనిషినీ శరణార్థి అనలేదు. జాతి, మతం, జాతీయత, ఒకానొక సామాజిక వర్గంలో సభ్యత్వం, రాజకీయ అభిప్రాయం అనే అయిదు కారణాల్లో ఏదో ఒకదాని వల్ల పీడన జరుగుతుందన్న సహేతుకమైన భయం ఉండాలని అది చెబుతోంది. ఆడపిల్ల పెళ్లి మీద అన్నకు కోపం రావడం ఈ అయిదింటిలో ఎక్కడుంది? అది ఇంటి గొడవ. ఇంటి గొడవలన్నిటికీ కెనడా తలుపు తీస్తే ఆ ఒప్పందానికి అర్థం లేదు.

కిరణ్77:
పోలీసులకు చెప్పుకుంటే సరిపోయేది కదా.

వరలక్ష్మి_టొరంటో:
నేను పదకొండేళ్లుగా శరణు కేసుల్లో దుబాసిగా పనిచేస్తున్నాను, వకీలును కాను. శ్రీధర్ గారు జాబితా సరిగ్గానే చెప్పారు, కానీ ఇంటి గొడవ అన్న మాటతో దాన్ని మూసేశారు. హింసించేది ప్రభుత్వమే కానవసరం లేదని, ప్రభుత్వం కాపాడలేకపోయినా చాలని కెనడా సుప్రీంకోర్టు 1993లో వార్డ్ కేసులో తేల్చింది. సామాజిక వర్గం అంటే ఏమిటో కూడా ఆ తీర్పే చెప్పింది. మార్చుకోలేని లక్షణం ఉన్నవాళ్లు, మనిషి గౌరవానికి అంత మూలమైనది కనుక వదులుకోమని అడగకూడని బంధంలో ఉన్నవాళ్లు ఆ మాట కిందికి వస్తారు. కులం మొదటి దానికి, పెళ్లి రెండో దానికి సరిపోతాయి. అన్నకు కోపం ఎందుకు వచ్చిందో అడగండి. బావ కులం వేరు కాబట్టి వచ్చింది. కారణం అక్కడే ఉంది.

అయినా ఈ కేసు ఓడితే కారణం దగ్గర ఓడదు. బోర్డు రాసిన ఆ రెండు నగరాల దగ్గర ఓడుతుంది.

శ్రీధర్_పాతబస్తీ:
అయిదింటిలో కులం అన్న మాట లేదు. లేని మాటను మీరు చేర్చలేరు.

వరలక్ష్మి_టొరంటో:
చేర్చాల్సిన పని లేదు, సామాజిక వర్గం అన్న మాట చాలు. జాతి వివక్ష నిర్మూలనకు ఏర్పడిన ఐక్యరాజ్యసమితి కమిటీ 2002లో, వంశం ఆధారంగా చూపే వివక్షలోకి కులమూ వస్తుందని చెప్పింది. భారత ప్రభుత్వం దానికి ఒప్పుకోలేదు. ఈ కేసు గెలవడానికి ఆ తగవు తేలనవసరం లేదు.

ఆలీ_ఒట్టావా:
ఇండియా అసలు ఆ ఒప్పందం మీద సంతకమే చేయలేదు కదా, మనవాళ్లకు అది ఎలా వర్తిస్తుంది? మా తాలూకు ఒకాయన విషయంలో కూడా ఇదే అనుమానం వచ్చింది.

వరలక్ష్మి_టొరంటో:
ఆలీ గారూ, సంతకం చూడాల్సింది ఆశ్రయం ఇచ్చే దేశానిది. కెనడా చేసింది. వచ్చినవాడి దేశం చేసిందా లేదా అన్నది అడగరు.

రాజు_గుర్గావ్_టు_గ్వెల్ఫ్:
నేను కారణాల జోలికి పోను. నేను 2009లో హిందీ ఒక్క ముక్క రాకుండా గుర్గావ్ వెళ్లాను. చుట్టం లేడు, ఆరు నెలలు సరైన ఉద్యోగం లేదు, నలుగురం ఒక గదిలో పడుకున్నాం. బతికాను. ఢిల్లీలో భాష రాదు, తెలిసినవాళ్లు లేరు అన్న వాదన బోర్డు ముందు నిలవకూడదు. నిలిస్తే వలస వెళ్లిన తెలుగువాళ్లందరూ శరణార్థులే.

వరలక్ష్మి_టొరంటో:
ఇందులో సగం మీరు చెప్పిందే చట్టం. 1991 నాటి రసరత్నం తీర్పు నుంచి ఇక్కడ రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. అది శ్రీలంక తమిళుడి కేసు, ఆయనకు చూపించిన ఊరు కొలంబో. మొదటి ప్రశ్న, ఆ ఊళ్లో పీడన జరిగే గట్టి అవకాశం ఉందా? రెండోది, ఈ మనిషి పరిస్థితులన్నీ చూసినప్పుడు అక్కడికి వెళ్లి తలదాచుకొమ్మనడం అన్యాయం అవుతుందా? మీరు మాట్లాడుతున్నది రెండో ప్రశ్న గురించి. అక్కడ గడప చాలా ఎత్తు. 2000లో రంగనాథన్ అనే మరో శ్రీలంక కేసులో, బంధువులు లేకపోవడం ఒక్కటే చాలదని, ప్రాణానికో భద్రతకో ముప్పు తెచ్చే పరిస్థితులకు నిర్దిష్టమైన రుజువు కావాలని అప్పీలు కోర్టు అంది. కాబట్టి హిందీ రాదు అన్న మాట మీద ఆ జంట ఆశ పెట్టుకోకూడదు.

మొదటి ప్రశ్న మాత్రం మీది కాదు. గుర్గావ్‌లో మిమ్మల్ని ఎవరూ వెతకలేదు.

1993లో తిరునావుక్కరసు కేసు చూడండి. శ్రీలంక ఉత్తరాది తమిళుడైన ఆయనను కొలంబోలో పోలీసులు పట్టుకుని హింసించారు. కొలంబోలో బతకవచ్చని బోర్డు అంటే అప్పీలు కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. కొండ గుహలోనో, ఎడారిలోనో, అడవిలోనో దాక్కొమ్మని ఎవరికీ చెప్పలేమని కూడా ఆ తీర్పులోనే ఉంది. అయితే బోర్డు ఒక ఊరి పేరు చెప్పాక, అక్కడ బతకలేమని రుజువు చేసే భారం శరణు కోరినవాళ్ల మీదే ఉంటుందని కూడా అందులోనే రాసి ఉంది. సత్య గారు ఆ వాక్యాన్ని గుర్తు పెట్టుకోవాలి.

రాజు_గుర్గావ్_టు_గ్వెల్ఫ్:
రెండో ప్రశ్న వరకైతే నేను చెప్పింది తప్పు కాదని ఒప్పుకున్నారు. చాలు.

శ్రీధర్_పాతబస్తీ:
వరలక్ష్మి గారు తమిళుల తీర్పులు తెచ్చారు. అక్కడ యుద్ధం జరిగింది, రాజ్యమే వెంటాడింది. రాజ్యమే వెంటాడితే మరో ఊరు లేదనడం నాకూ అర్థమవుతుంది. ఇక్కడ వెంటాడుతున్నది ఒక ఆసామి, ఆయన కొడుకు. నూట నలభై కోట్ల మంది ఉన్న దేశంలో ఒక ఆసామి చేయి కోల్‌కతా దాకా సాగుతుందా? ఇంకో మాట కూడా చెబుతాను, ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి. ఏజెంట్లు ఇలాంటి కథలు రాసి అమ్ముతున్నారు. అలాంటివాళ్ల వల్లే నా తమ్ముడి పర్మిటు దరఖాస్తును ఏడాదిన్నర నానబెట్టారు.

సత్య_మిస్సిసాగా:
శ్రీధర్ గారూ, మా పిల్ల కథ కొనుక్కుందని అంటున్నారా? ఆ అబ్బాయి తమ్ముణ్ణి పట్టుకుని, వీళ్లు ఎక్కడున్నారో చెప్పమని చెయ్యి విరగ్గొట్టారు. ఆ ఎక్స్‌రే నా ఫోనులో ఉంది. మీ తమ్ముడి పర్మిటు ఆలస్యమైందని మా వాళ్లు అబద్ధాలకోరులు అవ్వాలా?

కిరణ్77:
ఇద్దరూ కాస్త తగ్గండి.

వరలక్ష్మి_టొరంటో:
దొంగ కేసులు ఉన్నాయి, నేను కళ్లారా చూశాను. నమ్మకం కుదరకపోతే బోర్డు ఆ మాటే రాసి కొట్టేస్తుంది. మరో ఊరి ప్రశ్నకు అసలైన బలం, బోర్డు వాళ్ల మాట నమ్మినప్పుడే తెలుస్తుంది. మీరు చెప్పినదంతా నిజమే, అయినా కోల్‌కతా పొండి అని చెప్పడానికి వాడేదే అది. శ్రీధర్ గారు ఈ రెండింటినీ ఎందుకు కలుపుతున్నారో నాకు అర్థం కావడం లేదు.

శ్రీధర్_పాతబస్తీ:
ఎందుకో చెబుతాను. నాదీ కులాంతర వివాహమే. 1998లో నేనూ నా భార్యా నాగపూరు వెళ్లిపోయాం, ఆరేళ్లు ఉన్నాం. తలుపు మీద పేరు రాయలేదు. ఇంటికి ఉత్తరం రాయలేదు. మా అమ్మ పోయిన సంగతి నాకు నలభై రోజుల తర్వాత తెలిసింది. మమ్మల్ని ఏ దేశమూ పిలవలేదు, మేమూ అడగలేదు. మా దేశంలోనే మాకు చోటు దొరికిందనుకున్నాం. ఇప్పుడు అదే పరిస్థితిలో ఉన్నవాళ్లకు స్వదేశంలో చోటు లేదని మీరంటే, ఆ ఆరేళ్లు మేము చేసింది ఏమిటి?

రాజు_గుర్గావ్_టు_గ్వెల్ఫ్:
అన్నా, ఇది ముందే చెప్పాల్సింది.

వరలక్ష్మి_టొరంటో:
శ్రీధర్ గారూ, ఇప్పుడు మీతో వాదించడం నాకు కష్టమే, అయినా అడుగుతాను. మీ అమ్మగారికి మీ అడ్రసు చెప్పి ఉంటే నాగపూరులో ఉండగలిగేవారా? ఫెడరల్ కోర్టు 2020లో పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్ల కేసులో సరిగ్గా ఇదే చూసింది. ఎక్కడున్నారని అడిగినప్పుడు ఇంట్లోవాళ్లు అబద్ధం చెప్పి తమ ప్రాణాల మీదికి తెచ్చుకుంటే తప్ప నిలవని చోటును సురక్షితమైన చోటు అనలేమని అంది. అలా బతకడం దాక్కోవడమే. మీ నాగపూరును ఆ తీర్పు ముందు పెడితే మీరు నెగ్గేవారేమో.

శ్రీధర్_పాతబస్తీ:
దాక్కోవడమేనని ఒప్పుకుంటాను. కానీ దాక్కున్నవాడు కూడా బతికే ఉంటాడు. మీరు దాన్ని బతుకు కాదంటున్నారు, నేను బతుకే అంటున్నాను. మన తగవు ఇక్కడే ఉందనుకుంటాను, అయిదు కారణాల దగ్గర కాదు.

ఒక ప్రశ్న మాత్రం అడగనివ్వండి సత్య గారూ. పుణె గది అన్నకు ఎలా తెలిసింది? నన్ను నాగపూరులో ఎవరూ పట్టుకోలేదంటే, చెప్పేవాళ్లు లేకపోవడం వల్లే.

వరలక్ష్మి_టొరంటో:
ఈ చర్చ మొత్తంలో ఇదే అసలైన ప్రశ్న. వెతికేవాడికి కోరిక ఉందా, వెతికి పట్టుకునే దారి ఉందా అని బోర్డు రెండూ అడుగుతుంది. కోరిక ఉందనడానికి విరిగిన చెయ్యి రుజువు. దారి మాటేమిటి? అద్దెకు దిగినప్పుడు పోలీసులకు ఇచ్చిన వివరాల ద్వారా తెలిసిందంటే, కోల్‌కతాలో గది తీసుకున్నా అవే కాగితాలు ఇవ్వాలి కనుక ముప్పు వెంట వస్తుంది. తెలిసినవాళ్లెవరో నోరు జారితే తెలిసిందంటే, కోల్‌కతాలో ఆ నోరు ఉండదని బోర్డు అంటుంది.

సత్య_మిస్సిసాగా:
ఇప్పుడే ఇద్దరినీ అడిగాను. అన్న స్నేహితుడొకడు కానిస్టేబులని, అద్దె కాగితాలు అతనే తెప్పించాడని అబ్బాయి అంటున్నాడు. తనతో చదివిన అమ్మాయి చెప్పి ఉంటుందని పిల్ల అంటోంది. ఇద్దరూ ఒకే మాట మీద ఉండమని చెప్పమంటారా?

వరలక్ష్మి_టొరంటో:
అస్సలు వద్దు. ఎవరికి ఏమి తెలుసో, అది ఎలా తెలిసిందో ఎవరికి వారు చెప్పాలి. ఊహ అయితే ఊహ అనే చెప్పాలి. మాటలు అతికించినట్టు తెలిస్తే ఎక్స్‌రే కూడా పనికిరాకుండా పోతుంది. ఆ తమ్ముడి చేత ప్రమాణపత్రం రాయించండి. తనను ఏమి అడిగారు, తను ఏమి చెప్పాడు, తర్వాత మళ్లీ ఎప్పుడు వచ్చారు అన్నవి తేదీలతో ఉండాలి. ఆసుపత్రి కాగితంతో కలిపి, విచారణకు కనీసం 10 రోజుల ముందు బోర్డుకు చేరాలి. దాచిపెట్టి అప్పీలులో చూపిద్దామనుకుంటే, అప్పటికే చేతిలో ఉన్న కాగితాన్ని అక్కడ తీసుకోరు. కిరణ్ గారు మొదట్లో అడిగింది కూడా వదలకండి. పోలీసు స్టేషనుకు వెళ్లారా, వెళితే ఏమన్నారు, వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదు అన్నది తప్పకుండా అడుగుతారు.

సత్య_మిస్సిసాగా:
హైదరాబాదులో ఒకసారి వెళ్లారట. పెద్దల్ని పిలిపించి రాజీ చేసుకోమన్నారట. ఫిర్యాదు రాసుకోలేదు.

శ్రీధర్_పాతబస్తీ:
అది కూడా రాయించండి. మమ్మల్నీ అలాగే పంపేశారు. అయితే స్నేహితురాలి మాటే నిజమని తేలితే మాత్రం, కోల్‌కతా విషయంలో నా వాదన ఇంకా నిలిచే ఉంది.