రాత్రి డౌన్‌లోడ్ పెట్టి పడుకుంటే హాట్‌స్పాట్ ఆఫ్ అయిపోతా ఉంది, ఏం చేయాలి?

బైరాగిపట్టెడ_రూమ్
అన్నా, రూమ్‌లో వైఫై లేదు, ఆండ్రాయిడ్ ఫోన్ హాట్‌స్పాట్ మీదే ల్యాప్‌టాప్ నడుపుతా ఉండాను. నిన్న 9 జీబీ ఫైల్ ఒకటి క్రోమ్‌లో పది ముక్కాలుకి పెట్టినా, స్పీడ్ సెకనుకి 1 ఎంబీ వస్తా ఉంది, పదకొండు ఇరవైకి మూత మూసేసి పడుకున్నా. తెల్లారి చూస్తే హాట్‌స్పాట్ ఆఫ్, ఫైల్ 2 జీబీ దగ్గర ఆగిపోయి ఉంది. ఇది మూడోసారి. కాలేజీ ప్రాజెక్టుకి ఆ ఫైల్ కావాల్సిందే.

తిరుచానూరు_రోడ్
హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో ఎవరూ కనెక్ట్ కాకుంటే ఆటోమేటిక్‌గా ఆపేసే ఆప్షన్ ఉంటుంది బ్రో, దాన్ని తీసేయ్. కొన్ని ఫోన్లలో నిమిషాలు ఎంచుకోమంటుంది, అక్కడ ఎప్పుడూ ఆపొద్దు అని పెట్టు. పని అయిపోతుంది.

పలమనేరు_అక్క
మాకూ ఇదే బాధ. ల్యాప్‌టాప్‌కి కేబుల్ నెట్ ఉంది, దాంట్లోంచి మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేసి పాప ట్యాబ్‌కి ఇస్తా, కాసేపు ట్యాబ్ పక్కన పెడితే చాలు ఆఫ్ అయిపోతుంది. విండోస్‌లో ఆ మొబైల్ హాట్‌స్పాట్ పేజీలోనే పవర్ సేవింగ్ అని ఒక బటన్ ఉంది, అది ఆపేశాక బాగుంది. నువ్వూ అది చూడు నాయనా.

తిరుచానూరు_రోడ్
అక్కా, మీది ల్యాప్‌టాప్ ఇచ్చే హాట్‌స్పాట్, ఆ అబ్బాయిది ఫోన్ ఇచ్చేది.

బైరాగిపట్టెడ_రూమ్
రాత్రి ఆటోమేటిక్ ఆఫ్ తీసేసి మళ్ళీ పెట్టినా. పొద్దున ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్‌లోనే ఉంది, కానీ డౌన్‌లోడ్ మాత్రం మళ్ళీ మధ్యలోనే ఆగింది! ఇప్పుడేం అర్థం కాలేదు.

చిత్తూరు_సర్వీస్_సెంటర్
నువ్వు ఇచ్చిన టైములే జవాబు చెప్తా ఉండాయి తమ్ముడూ. పది నలభై ఐదు నుంచి పదకొండు ఇరవైకి 35 నిమిషాలు, నిమిషానికి 60 ఎంబీ వేసుకుంటే 2.1 జీబీ. నీ ఫైల్ ఆగింది కూడా అక్కడే కదా. అంటే మూత మూసిన క్షణమే డౌన్‌లోడ్ ఆగింది, ఫోన్ తర్వాత ఆఫ్ అయింది. ఫోన్ లెక్కపెట్టేది ఏ పరికరమూ కనెక్ట్ కాని టైముని, మామూలు ఆండ్రాయిడ్‌లో అది 10 నిమిషాలు, కంపెనీని బట్టి మారుతుంది. ల్యాప్‌టాప్ కనెక్ట్ అయి ఉన్నంతసేపు ఆ లెక్కే మొదలుకాదు. మూత మూస్తే ల్యాప్‌టాప్ నిద్రపోతుంది, వైఫై వదిలేస్తుంది, అప్పుడు ఫోన్‌కి ఎవరూ లేరనిపించి ఆపేస్తుంది. నిన్న రాత్రి ఆ ఆప్షన్ తీసేశావు కాబట్టి ఫోన్ మేలుకొనే ఉంది, నిద్రపోయింది ల్యాప్‌టాప్ ఒక్కటే.

కంట్రోల్ ప్యానెల్‌లో Power Options తెరిచి, Choose what closing the lid does లో Do nothing పెట్టు. ఛార్జింగ్‌కి ఒక కాలమ్, బ్యాటరీకి ఇంకో కాలమ్ ఉంటుంది, రాత్రి కరెంటు పోయేది ఉంటే రెండూ మార్చు. అదే చోట స్లీప్ టైము కూడా Never చేయి, ఎందుకంటే కొన్ని డౌన్‌లోడర్లు ల్యాప్‌టాప్‌ని నిద్రపోకుండా ఆపవు. పని అయిపోయాక మళ్ళీ పాతట్లా పెట్టుకో, లేకుంటే ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌ని అట్లే బ్యాగులో పెట్టేసి వేడెక్కించేస్తావు.

కాణిపాకం_కుర్రోడు
ఇంత ఎందుకు, యూఎస్‌బీ కేబుల్‌తో టెథరింగ్ చేస్తే ఆఫే కాదు, ఛార్జింగూ ఎక్కుతుంది.

చిత్తూరు_సర్వీస్_సెంటర్
సగం నిజమే. కేబుల్‌కి ఆ వైఫై హాట్‌స్పాట్ టైమర్ ఉండదు, కానీ మూత మూస్తే ల్యాప్‌టాప్ నిద్రపోవడం మారదు కదా, డౌన్‌లోడ్ అట్లే ఆగుతుంది. కేబుల్ వల్ల నిజమైన లాభం ఫోన్ రాత్రంతా ఛార్జింగ్‌లో ఉండడం.

అలిపిరి_ఐఫోన్
సార్, నాది ఐఫోన్, ఒకసారి ల్యాప్‌టాప్ విడిపోతే మళ్ళీ దానంతట అది దొరకదు. పర్సనల్ హాట్‌స్పాట్ పేజీ తెరిచి ఉంచితే కనెక్ట్ అవుతుంది. రాత్రంతా ఆ పేజీ తెరిచి పెట్టుకోవాలా?

చిత్తూరు_సర్వీస్_సెంటర్
కనెక్ట్ అయ్యేవరకు తెరిచి ఉంచితే చాలమ్మా, అయ్యాక లాక్ చేసుకోవచ్చు. మీ విషయంలోనూ ల్యాప్‌టాప్ నిద్రపోకుండా చూసుకోవడమే మందు.

బైరాగిపట్టెడ_రూమ్
అన్నా, మూత సెట్టింగ్ మార్చి, ల్యాప్‌టాప్‌ని టేబుల్ మీద పెట్టి, ఈసారి 9 జీబీ మొదటినుంచీ పెట్టినా. రెండున్నర గంటల్లో అయిపోయింది! ఇంకో సందేహం, ఆగిన పాత ఫైల్‌ని రిజ్యూమ్ కొడితే సున్నా నుంచే మొదలైంది, అది ఎందుకు?

చిత్తూరు_సర్వీస్_సెంటర్
కొన్ని సర్వర్లు మధ్యలోంచి ఇవ్వవు, కొన్ని లింకులకి గడువు అయిపోతుంది. సర్వర్ ఒప్పుకుంటే ఇట్లా మిగతాది తెచ్చుకోవచ్చు, curl తోనే మొదలుపెట్టిన ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోనే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి కొట్టు:

```
curl -C - -L -O "లింక్"
```

నీ లింకుకి పని చేస్తుందో లేదో చేసి చూస్తేనే తెలుస్తుంది.

కాణిపాకం_కుర్రోడు
మే నెలలో మా ఇంట్లో ఫోన్ వేడెక్కి హాట్‌స్పాట్ దానంతట అదే ఆగిపోయింది, ఆ ఆప్షన్ తీసేసి ఉన్నా కూడా. కవర్ తీసి ఫ్యాను కింద పెడితే కొంచెం మేలు, పూర్తిగా పోలేదు. దానికి ఎవరికైనా దారి తెలుసా?