250 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి ఆంప్: 32 ఓమ్‌ల లెక్క చూసి కొనొచ్చా?

అన్నలూ, ఒంగోలులో డబ్బింగ్ గదికి హెడ్‌ఫోన్ ఆంప్ కొనాలి. హెడ్‌ఫోన్ 250 ఓమ్‌లు, 1 మిల్లీవాట్‌కి 96 డెసిబెల్స్. లాప్‌టాప్ జాక్ 1 వోల్టు ఇస్తే అందేది 4 మిల్లీవాట్లే, అంటే 102 డెసిబెల్స్. మాటలకి చాలు గానీ డప్పు దెబ్బకి చాలదు. 110 రావాలంటే 25 మిల్లీవాట్లు, అంటే 2.5 వోల్టులు కావాలి.

చిక్కంతా ఇక్కడే. నేను చూసిన ఆంప్ పెట్టె మీద 32 ఓమ్‌లకి 100 మిల్లీవాట్లు అని మాత్రమే ఉంది. లెక్కకి అది 1.8 వోల్టులే. ఆ హద్దు కరెంట్‌దైతే 250 దగ్గర ఇంకా ఎక్కువ వోల్టులు రావచ్చు, వోల్టేజ్‌దైతే రావు.

షాపులోనే 270 ఓమ్‌ల రెసిస్టర్ తగిలించి, 50 హెర్ట్జ్ టోన్ వేసి, మల్టీమీటర్‌లో ఏసీ వోల్టులు చూస్తే సరిపోతుందా? క్లిప్ అయిన వేవ్‌కీ మీటర్ అంకె పెరుగుతూనే ఉంటుంది. స్కోప్ లేకుండా ఆ క్లిప్పింగ్‌ని ఎలా పట్టాలో చెప్పండన్నా.