జీఆర్‌ఈ మాక్: స్కోరు తగ్గింది నాదా, వాళ్ల కొలతదా?

రాత్రిచదువు:
జీఆర్‌ఈ పరీక్ష ఇంకో నెల ఉంది. ఆ పరీక్ష పెట్టే ఈటీఎస్ వాళ్ల ఉచిత పవర్‌ప్రెప్ టెస్టు మొదటిది రాస్తే క్వాంట్‌లో, అంటే లెక్కల భాగంలో, 160 వచ్చింది. తర్వాత ఒక ప్రైవేటు సైట్‌లో మూడు మాక్‌లు రాశాను. 153, 151, 154. ఒక పుస్తకంలోని టెస్టులో మాత్రం 165. మూడు చోట్లా మూడు రకాలు. దేన్ని నమ్మాలి? మాక్ అసలు పరీక్షకు దగ్గరగా ఉందో లేదో మనంతట మనం ఎలా తెలుసుకోవాలి?

రెండోప్రయత్నం:
కష్టంగా ఉన్నదే రాయండి. నేను నెలరోజులు కష్టమైన మాక్‌లే రాశాను, అసలు పరీక్ష తేలిగ్గా అనిపించింది. స్కోరు తక్కువ వస్తే మంచిదే, ఇంకా కసిగా చదువుతాం. 165 ఇచ్చిన పుస్తకాన్ని పక్కన పెట్టేయండి, అది మిమ్మల్ని ముంచుతుంది.

లెక్కలటీచర్:
పుస్తకం విషయంలో మీతో ఏకీభవిస్తాను, కష్టం విషయంలో సగమే. ప్రశ్నలు కష్టంగా ఉండటం వేరు, స్కోరు సరిగ్గా లెక్కకట్టడం వేరు. ఈ రెండూ విడివిడిగా చూడాలి.

ముందు స్కోరు సంగతి. జీఆర్‌ఈ క్వాంట్‌లో రెండు సెక్షన్లు. మొదటిదానిలో 12 ప్రశ్నలకు 21 నిమిషాలు, రెండోదానిలో 15 ప్రశ్నలకు 26 నిమిషాలు. మొదటి సెక్షన్‌ ఎలా రాశారన్నదాన్ని బట్టి రెండోది తేలికదా, కష్టమైనదా అని కంప్యూటరే ఎంచుతుంది. కాబట్టి ఇద్దరికీ మొత్తం 27లో 18 సరైనా, కష్టమైన రెండో సెక్షన్ రాసినవాళ్లకు ఎక్కువ స్కోరు వస్తుంది. తప్పుకు మార్కులు కోయరు. ఇదంతా లెక్కలోకి తీసుకోకుండా 'ఇన్ని సరైతే ఇంత' అని ఒకే పట్టిక పెట్టుకున్న మాక్ ఇచ్చే అంకెకు విలువ తక్కువ. అచ్చు పుస్తకంలో రెండో సెక్షన్ దానంతటది మారదు. మొదటి సెక్షన్ మార్కులు చూసుకుని ఫలానా సెక్షన్‌కు వెళ్లమని చెబితే కొంత నయం. మీ పుస్తకం అలా చెప్పిందా?

సైట్‌ను పరీక్షించడానికి ఒక గంట చాలు. రాసేసినవాటిలో మొదటి సెక్షన్ బాగా వచ్చిన మాక్‌నే మళ్లీ తెరవండి, లేకపోతే ఇంకో ఖాతాతో వెళ్లండి. ఈసారి మొదటి సెక్షన్ కావాలని చెడగొట్టండి, 12లో మూడో నాలుగో మాత్రమే సరిగా పెట్టండి. రెండో సెక్షన్‌లో మీరు ముందు చూసిన ప్రశ్నలే వస్తే ఆ మాక్ మిమ్మల్ని బట్టి మారడం లేదన్నమాట. అప్పుడు స్కోరు పట్టించుకోకుండా ప్రశ్నల్ని సాధన కోసం వాడుకోండి.

వీసాతొందర:
నాకూ ఇదే అయింది అండి. ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్ రీడింగ్‌లో 40కి 30 వచ్చాయి, యాప్ బ్యాండ్ 7 అంది. సంతోషపడి ఫీజు కట్టేశాను. పరీక్షలో 6 వచ్చింది. నాకు చాలా బాధేసింది. మంచి యాప్ ఏదైనా చెప్పండి.

లెక్కలటీచర్:
వీసాతొందర గారు, మీ పరీక్ష వేరే అయినా తప్పు ఇలాంటిదే. ఐఈఎల్‌టీఎస్ వాళ్లు బయటపెట్టిన లెక్క ప్రకారం 40కి 30 వస్తే అకడమిక్ రీడింగ్‌లో 7. జనరల్ ట్రైనింగ్‌లో అదే 30కి 6, 7 రావాలంటే 34 దాకా కావాలి. ఒక్కో ప్రశ్నపత్రానికి కొంచెం అటూ ఇటూ అవుతుంది. మీ యాప్ అకడమిక్ పట్టికను జనరల్‌కు తగిలించి ఉంటుంది. యాప్ పేరు నేను చెప్పలేను. ఏ యాప్ తీసుకున్నా 30 దగ్గర ఏ బ్యాండ్ చూపిస్తుందో ముందు చూడండి.

రాత్రిచదువు:
టీచర్ గారూ, చెప్పినట్టే చేశాను. మొదటి సెక్షన్‌లో 4 మాత్రమే సరిగా పెట్టాను. రెండో సెక్షన్‌లో అవే 15 ప్రశ్నలు, అదే వరుసలో! పుస్తకంలోనూ సెక్షన్ మార్చుకోమని ఎక్కడా లేదు. అంటే 153 తప్పు, 160 నిజం అనుకోవచ్చా?

లెక్కలటీచర్:
అప్పుడే అనుకోకండి. ఒకే సంస్థ టెస్టుల్లో కూడా రెండు మూడు పాయింట్లు అటూ ఇటూ ఊగుతాయి. 151, 153, 154 మధ్య తేడాకు అర్థం వెతకక్కర్లేదు. కానీ 160కి, వీటికి మధ్య ఉన్న దూరం ఊగిసలాట కంటే పెద్దది. ఆ దూరం ఎక్కడినుంచి వచ్చిందో చూడాలంటే చివరి మాక్‌లో తప్పుపోయిన ప్రశ్నల్ని ఒక్కొక్కటిగా తీయండి. ప్రతిదాని పక్కన కారణం రాయండి: తెలియక పోయిందా, గుణకారాలు ఎక్కువై టైమ్ చాలలేదా, జవాబు చూశాక కూడా ఒప్పుకోబుద్ధి కాలేదా.

అసలు ప్రశ్నల కష్టం ఎలాంటిదో ఒకటి చూపిస్తాను. x సున్నా కంటే పెద్దది. మొదటి పరిమాణం x², రెండోది x³. ఏది పెద్దది? x = 2 అనుకుంటే 4, 8 కాబట్టి రెండోది. x = 1/2 అనుకుంటే 1/4, 1/8 కాబట్టి మొదటిది. చెప్పలేం అన్నదే జవాబు. అర నిమిషం పని, కానీ భిన్నం గుర్తురాకపోతే తప్పుతారు. దీని బదులు మూడేళ్లకు, మూడు నెలలకోసారి కలిసే చక్రవడ్డీని పైసల దాకా వేయమంటే అది కూడా కష్టమే. కాకపోతే ఆ కష్టం మీ వేళ్లకు, ఆలోచనకు కాదు. పరీక్షలో తెరమీద కాలిక్యులేటర్ ఇస్తారు, అయినా పెద్ద లెక్కలు చేయించడం వాళ్ల ఉద్దేశం కాదు.

రాత్రిచదువు:
చేశాను. 27లో 16 సరి, 11 తప్పు. మూడు నిజంగానే తెలియవు, మూడూ సంభావ్యతే. ఐదింటిలో లెక్క పొడుగు, వాటిలో రెండు టైమ్ అయిపోయి వదిలేసినవి. మిగతా మూడింటిలో వాళ్ల జవాబు ఎందుకు సరైనదో వివరణ చదివినా అర్థం కాలేదు.

లెక్కలటీచర్:
ఆ మూడు ప్రశ్నలే మాక్ నాణ్యతకు అద్దం. అధికారిక ప్రశ్నల్లో తప్పు పెట్టినా, వివరణ చూశాక 'అవును, నేను ఇక్కడ జారాను' అని వేలుపెట్టి చూపించగలుగుతాం. 27లో మూడింటికి అలా కుదరలేదంటే ప్రశ్నలు సరిగా సరిచూడలేదన్నమాట. సంభావ్యత మూడూ మాత్రం మీ బాకీ, అవి చదవండి. రెండో పవర్‌ప్రెప్ టెస్టు రెండు వారాలు ఆగి, ఒకే విడతలో, మధ్యలో ఆపకుండా రాయండి. అప్పటిదాకా అందులోని ప్రశ్నలు చూడకండి, ముందే చూసేస్తే అది కొలబద్దగా పనికిరాదు.

రెండోప్రయత్నం:
టీచర్ గారు చెప్పింది ఒప్పుకుంటాను, కానీ పొడుగు లెక్కల వల్లే నా వేగం పెరిగింది. అది అబద్ధం కాదు.

లెక్కలటీచర్:
అబద్ధమని అనను. మీ వేగం దానివల్లే పెరిగిందో, నెలరోజులు రోజూ కూర్చోవడం వల్ల పెరిగిందో విడదీసి చెప్పలేం, అంతే. 151 చూసి పరీక్ష వాయిదా వేసుకున్న విద్యార్థుల్ని చూశాను, అందుకే భయం.

రాత్రిచదువు:
పదహారు రోజుల తర్వాత వచ్చాను. రెండో పవర్‌ప్రెప్‌లో క్వాంట్ 162. సంభావ్యతలో ఒక్కటే తప్పింది. తేదీ మార్చడం లేదు. ఇప్పుడు టెన్షన్ వెర్బల్‌ది. అదే సైట్‌లో ఖాళీలు పూరించే ప్రశ్నల్లో రెండు మాటలు సరిపోతున్నట్టే ఉంటాయి. అదీ ఇలాగే పరీక్షించొచ్చా?

లెక్కలటీచర్:
రెండో సెక్షన్ మారుతుందో లేదో చూసే పద్ధతి దానికీ పనిచేస్తుంది. ప్రశ్నల విషయంలో నేను చూసేది ఒకటే. అసలు ప్రశ్నలో ఆ ఖాళీని తేల్చే మాట వాక్యంలోనే ఎక్కడో ఉంటుంది, 'అయినప్పటికీ' లాంటిది. ఆ మాటను కొట్టేసి చదివితే రెండు జవాబులూ కుదరాలి, ఉంచి చదివితే ఒక్కటే కుదరాలి. మీ సైట్ ప్రశ్నల్లో ఆ మాట దొరుకుతోందా? నేను లెక్కలవాణ్ణి, ఇంగ్లీషు చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లే చెప్పాలి.