విచారణ కమిటీలో కూర్చునే హెచ్‌ఆర్ హెడ్, ఎదుటి మనిషికి ప్రాణస్నేహితుడైతే ఏం చేయాలి?

ల్యాబ్ అమ్మాయి:
కడప జిల్లాలో ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో షిఫ్ట్ కెమిస్ట్‌ని. మా సెక్షన్ ఇన్‌చార్జి మీద లైంగిక వేధింపుల కంప్లైంట్ రాసి ఇంటర్నల్ కమిటీకి ఇచ్చాను. నైట్ షిఫ్టుల్లో జరిగినవి, ఆయన పంపిన మెసేజీలు అన్నీ జత చేశాను. కమిటీలో మా హెచ్‌ఆర్ హెడ్ కూడా మెంబరే. ఆయన, ఈ ఇన్‌చార్జి ఒకే కాలేజీలో చదువుకున్నారు. పాత ఫ్యాక్టరీ నుంచి ఇన్‌చార్జిని ఇక్కడికి తెచ్చిందే ఆయన. కాలనీలో పక్కపక్క క్వార్టర్సు, రోజూ సాయంత్రం కలిసి షటిల్ ఆడతారు. నేను కమిటీ ముందు చెప్పే ప్రతి మాటా ఆ రాత్రికే అవతలి వాళ్లకు చేరుతుందని నా భయం. మొదటి సిట్టింగ్ వచ్చే వారం. ఇప్పుడే అభ్యంతరం చెబితే కమిటీ అంతా నాకు ఎదురు తిరుగుతుందేమో. రిపోర్టు వచ్చాక, అది అన్యాయంగా ఉంటే అప్పుడు చెప్పవచ్చా?

ఎన్జీవో కాలనీ అక్క:
అమ్మా, ఆ కమిటీనే వదిలెయ్. కలెక్టర్ గారి కింద జిల్లాకొక లోకల్ కమిటీ ఉంటుంది, నేరుగా అక్కడ ఇవ్వు. మా చెల్లెలి స్కూల్లో అట్లాగే చేసినాం. బయటివాళ్లు చూస్తే ఎవరి స్నేహాలూ పనిచేయవు.

ప్రొద్దుటూరు వకీలు:
అక్కా, మీ చెల్లెలి స్కూల్లో పదిమంది కన్నా తక్కువ సిబ్బంది ఉండి ఉంటారు, లేదా కంప్లైంట్ యజమాని మీదే అయి ఉంటుంది. 2013 చట్టం ప్రకారం లోకల్ కమిటీ తీసుకునేది ఆ రెండు రకాలనే. ఇక్కడ వందలమంది పనిచేసే ఫ్యాక్టరీ, కంప్లైంట్ ఒక ఇన్‌చార్జి మీద. హెచ్‌ఆర్ హెడ్ స్నేహితుడన్న కారణం ఒక్కటే చూపితే వెనక్కి పంపే అవకాశం ఎక్కువ. ఈలోపు గడువు నడిచిపోతుంది.

ల్యాబ్ అమ్మాయి అడిగినదానికి వస్తాను. రిపోర్టు దాకా ఆగొద్దమ్మా. 1957లో సుప్రీంకోర్టు చెప్పిన మాణక్ లాల్ కేసు ఉంది. రాజస్థాన్‌లో ఒక అడ్వొకేట్ మీద విచారణకు ట్రిబ్యునల్ వేశారు. దాని చైర్మన్, ఫిర్యాదు చేసిన వ్యక్తి తరఫున అంతకుముందు కోర్టులో వాదించినవాడే. అలాంటి మనిషి కూర్చోకూడదని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అయినా ఆ అడ్వొకేట్‌కి ఆ వాదన మీద ఏ ఊరటా దక్కలేదు. ఆ సంగతి తెలిసి కూడా ట్రిబ్యునల్ ముందు నోరు మెదపలేదు, ఫలితం తనకు వ్యతిరేకంగా వచ్చాకే లేవనెత్తాడు. అంటే ఆ హక్కును వదులుకున్నట్టే అని కోర్టు తేల్చింది. నువ్వు కూడా మొదటి సిట్టింగ్‌లో ఏమీ అనకుండా స్టేట్‌మెంట్ ఇచ్చి సంతకం పెడితే, రేపు అప్పీల్లో ఇదే నీకు అడ్డం వస్తుంది.

తుంగభద్ర గట్టు:
నాకు జరిగింది ఇదే. కర్నూల్లో గోడౌన్‌లో స్టాక్ తగ్గిందని నా మీద ఎంక్వయిరీ వేసినారు. ఎంక్వయిరీ ఆఫీసరు మా మేనేజరు తోడల్లుడు. అందరికీ తెలుసు. నేను ప్రతి పేజీలో సంతకం పెడుతూ పోయినా. లేబర్ కోర్టులో మొదటి ప్రశ్నే, ఆ రోజే ఎందుకు చెప్పలేదు అని. నువ్వు యూనియన్ వకీలును వెంట తీసుకెళ్లు పాపా, లోపల గట్టిగా అడుగుతాడు.

ప్రొద్దుటూరు వకీలు:
అన్నా, మీది క్రమశిక్షణ విచారణ, దారి వేరు. ఈ కమిటీ ముందు ఏ పక్షమూ వకీలును తెచ్చుకోకూడదని రూల్సులోనే ఉంది. కాగితం బయట రాయించుకోవచ్చు, లోపలికి తనే వెళ్లాలి.

అనంతపురం హెచ్‌ఆర్:
ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఒక మాట చెప్పనివ్వండి. ప్లాంట్ కాలనీల్లో అందరూ అందరికీ తెలిసినవాళ్లే. స్నేహితుడైతే చాలు పక్కకు పొమ్మంటే కమిటీకి మనుషులే దొరకరు. తన స్నేహితుడే తప్పు చేశాడని తెలిసి నిక్కచ్చిగా నిలబడ్డ హెచ్‌ఆర్‌లను నేను చూశాను.

ప్రొద్దుటూరు వకీలు:
సార్, ఆయన నిజాయితీపరుడే కావచ్చు. దాన్ని ఎవరూ తేల్చనక్కరలేదు. 1987లో రంజిత్ ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు చూడమన్నది ఎదుట నిలబడ్డ మనిషి వైపు నుంచి. ఆ స్థానంలో ఉన్నవాళ్లకు పక్షపాతం ఉంటుందన్న అనుమానం రావడం సబబేనా అని. అక్కడ ఒక సైనికుడు ఏ అధికారి మీద ఫిర్యాదు పంపాడో ఆ అధికారే అతని కోర్ట్ మార్షల్‌లో కూర్చున్నాడు.

ఒకే కాలనీ, ఒకే కాలేజీ అన్నవి మాత్రమే రాస్తే మీరన్నట్టే తేలిపోతుంది. ఉద్యోగంలోకి తెచ్చింది ఆయనే అన్నది మాత్రం బరువైన సంగతి. తను తెచ్చిన మనిషి తప్పు చేశాడని తేలితే అది తన ఎంపిక మీదికీ వస్తుంది. లెటర్లో అదే ముందు పెట్టమ్మా. షటిల్ సంగతి ఒక్క వాక్యం చాలు.

ల్యాబ్ అమ్మాయి:
లెటర్ ఎవరికి ఇవ్వాలి సార్? కమిటీ మెయిల్ ఐడీ తెరిచేది హెచ్‌ఆర్ వాళ్లే. కమిటీలో మొత్తం ఐదుగురు. అకౌంట్స్ మేడమ్ ప్రిసైడింగ్ ఆఫీసరు, హెచ్‌ఆర్ హెడ్, ఆయన కింద పనిచేసే హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్ ఒకామె, సేఫ్టీ ఆఫీసరు ఒకాయన, బయటి నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ మేడమ్.

ప్రొద్దుటూరు వకీలు:
కమిటీ ఆర్డరు అందరికీ కనిపించేచోట అంటించాలి. టైమ్ ఆఫీసు దగ్గర ఉంటే ఫోటో తీసుకో. లెటర్ ప్రిసైడింగ్ ఆఫీసరు చేతికిచ్చి, నీ కాపీ మీద తేదీతో అందినట్టు సంతకం పెట్టించుకో. బయటి మెంబరుకు, ప్లాంట్ హెడ్‌కు కాపీలు విడిగా పంపు. కమిటీని వేసేది యాజమాన్యమే కాబట్టి, మెంబరును మార్చే అధికారమూ వాళ్లదే.

"విచారణ ఆపమని కోరడం లేదు, ఆయన స్థానంలో మరొకరిని వేయండి" అని స్పష్టంగా రాయి. లేకపోతే నీవల్లే ఆలస్యమైందంటారు. విచారణకు 90 రోజులే గడువు.

ఇప్పుడు లెక్క చూడు. సిట్టింగ్‌కు ప్రిసైడింగ్ ఆఫీసరుతో కలిపి కనీసం ముగ్గురుండాలి. హెడ్ ఒక్కడే తప్పుకుంటే నలుగురు మిగులుతారు. కానీ ఆ ఎగ్జిక్యూటివ్ అప్రైజల్ రాసేది ఆయనే కదా, ఆమె సంగతీ అడగాలి. ఇద్దరూ పోతే సరిగ్గా ముగ్గురు. సేఫ్టీ ఆఫీసరు ఒకరోజు సెలవు పెడితే సిట్టింగ్ ఆగిపోతుంది. అందుకే ఖాళీ వదలకుండా వేరే యూనిట్ నుంచో హెడ్ ఆఫీసు నుంచో మనిషిని వేయమని అడుగు.

అనంతపురం హెచ్‌ఆర్:
ఇది మాత్రం ఒప్పుకుంటాను. ఇంకోటి కూడా అడగమ్మా. మెంబరు తప్పుకున్నా, స్టేట్‌మెంట్లు టైపు చేసేది, సాక్షులకు తేదీలు చెప్పేది, ఫైలు బీరువాలో పెట్టేది హెచ్‌ఆర్ డిపార్ట్‌మెంటే. మా దగ్గర ఒకసారి హెడ్ పక్కకు జరిగాడు కానీ ఫైలు ఆయన క్యాబిన్‌లోనే ఉండింది. చివర్లో రిపోర్టు యాజమాన్యానికి వెళ్లాక, చర్య మీద నోట్ పెట్టేది కూడా ఆయనే. ఆ నోట్ ప్లాంట్ హెడ్ స్థాయిలో తయారవ్వాలని ఇప్పుడే రాసివ్వు.

ఎన్జీవో కాలనీ అక్క:
మరి ఆయన ఇప్పటికే షటిల్ కోర్టులో అంతా చెప్పేసి ఉంటే?

ప్రొద్దుటూరు వకీలు:
విచారణ సంగతులు బయటపెట్టడం మెంబరును తొలగించడానికి చట్టంలోనే ఉన్న కారణం అక్కా. కానీ "చెప్పి ఉంటాడు" అంటే సరిపోదు. విన్నవాళ్లు ముందుకు రావాలి, ఆ కాలనీలో ఎవరొస్తారో తెలియదు. అమ్మా, నువ్వు కూడా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క రాయకు.

ల్యాబ్ అమ్మాయి:
లెటర్ ఇచ్చాను. అకౌంట్స్ మేడమ్ చదివి, ఏమీ మాట్లాడకుండా సంతకం పెట్టి ఇచ్చారు. నిన్న ప్లాంట్ హెడ్ ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. హెచ్‌ఆర్ హెడ్ బదులు హెడ్ ఆఫీసు నుంచి ఒక మేడమ్‌ను వేశారు. ఎగ్జిక్యూటివ్‌ను మాత్రం మార్చలేదు, ఆమెకు ఈ కేసుతో ఏ సంబంధమూ లేదని రాశారు. ఫైలు సంగతి ఆ జవాబులో లేదు. సిట్టింగ్ గురువారం. ఎగ్జిక్యూటివ్ మీద నా అభ్యంతరం అలాగే ఉందని ఆ రోజు రికార్డు చేయించి స్టేట్‌మెంట్ ఇవ్వాలా, జవాబు వచ్చేదాకా ఇవ్వనని చెప్పాలా?

ప్రొద్దుటూరు వకీలు:
రికార్డు చేయించి స్టేట్‌మెంట్ ఇవ్వు. ఇవ్వనంటే రూల్సులో ఇంకో చిక్కుంది, కారణం లేకుండా వరసగా మూడు సిట్టింగులకు రాకపోతే నోటీసిచ్చి విచారణ ముగించవచ్చు. మినిట్స్‌లో నీ అభ్యంతరం ఎక్కిందో లేదో చదివాకే సంతకం పెట్టు. ఎక్కకపోతే సంతకం పక్కనే నీ చేత్తో రాయి.

తుంగభద్ర గట్టు:
ప్రతి పేజీ చదువు పాపా. తొందరపెట్టినా సరే.